అమెరికాలో దిగిన రోజే కారు తీసుకుంటే: ట్రాఫిక్ కంటే ఖాళీ రోడ్డుతోనే భయం

బోయిగూడ నుంచి మళ్లీ మీ ముందుకు వచ్చాను. వెనకాల హారన్లు వినిపిస్తే ఏమీ అనుకోకండి, సికింద్రాబాద్ స్టేషన్ పదో నంబర్ ప్లాట్‌ఫామ్ వైపు ఉండేవాళ్లకి ఇది బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్.

మొన్న మేలో ఆఫీస్ పని మీద రెండు వారాలు డల్లాస్ వెళ్లాను కదా, ఆ వీడియో కింద చాలామంది ఒకటే అడిగారు. "అన్నా, దిగిన రోజే రెంటల్ కారు నడిపావా? ఇక్కడ ఎడమ, అక్కడ కుడి కదా, కన్ఫ్యూజ్ అవ్వలేదా?" అని. ఈ రోజు మొత్తం దాని గురించే. డల్లాస్ ఉదాహరణతోనే చెప్తాను. అక్కడ మనవాళ్లు బోలెడంతమంది, మీలో చాలామంది ముందు దిగేది కూడా అక్కడే.

మనందరికీ ఉండే భయం ఏంటంటే, ఆరు లేన్ల హైవే, పక్కనుంచి పెద్ద పెద్ద ట్రక్కులు, అందులో మనం రాంగ్ సైడ్ వెళ్లిపోతామేమో అని. నిజానికి అక్కడ రాంగ్ సైడ్ వెళ్లడం కష్టం. ముందు కార్లున్నాయి, వెనక కార్లున్నాయి, వాళ్లు ఎటు పోతుంటే మనమూ అటే పోతాం. పొరపాటు జరిగేది రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు. హోటల్ పార్కింగ్ నుంచి బయటికి వచ్చేటప్పుడు, పెట్రోల్ బంక్ నుంచి రోడ్డెక్కేటప్పుడు, రాత్రి తిని బయల్దేరేటప్పుడు. దారి చూపించడానికి ఎదురుగా ఒక్క కారు కూడా ఉండదు. అప్పుడు చేతులు పాత అలవాటుకి పోతాయి.

ఇది ఊరికే చెప్పట్లేదు. 2019 ఆగస్టు 27న ఇంగ్లండ్‌లో క్రౌటన్ అనే చోట జరిగిన ఘటన మీరు వినే ఉంటారు. అక్కడ అమెరికా వాళ్లు వాడే ఒక వైమానిక స్థావరం ఉంది. అక్కడి నుంచి బయటికి వచ్చిన ఒక అమెరికన్ మహిళ, రోడ్డుకి కుడివైపు కారు నడిపారు. ఇంగ్లండ్‌లో మనలాగే ఎడమవైపు నడపాలి కదా. ఎదురుగా మోటార్ సైకిల్ మీద వస్తున్న హ్యారీ డన్ అనే 19 ఏళ్ల కుర్రాడు చనిపోయాడు. 2022లో ఆవిడ కోర్టులో నేరం ఒప్పుకున్నారు. గమనించాల్సింది ఏంటంటే, ఆవిడ ఆ దేశానికి వచ్చింది ఆ రోజు కాదు. వచ్చి సుమారు మూడు వారాలైంది. పెద్ద సిటీ ట్రాఫిక్ కాదు, పల్లెటూరి రోడ్డు. గేటు దాటి రోడ్డెక్కాక అలవాటు చెప్పినట్టు వెళ్లిపోవడం, అంతే.

అందుకే నేను వెళ్లేముందు నా బుర్రలో ఒకే ఒక్క రూల్ పెట్టుకున్నాను. ఇది ఇండియాలోనూ పని చేస్తుంది, అమెరికాలోనూ పని చేస్తుంది. డ్రైవర్ ఎప్పుడూ రోడ్డు మధ్య వైపు ఉంటాడు. పక్క సీట్లో కూర్చున్నవాడు ఫుట్‌పాత్ వైపు ఉంటాడు. మన దగ్గర స్టీరింగ్ కుడివైపు, మనం ఎడమన నడుపుతాం, కాబట్టి డివైడర్ డ్రైవర్ పక్కనే ఉంటుంది. అక్కడ స్టీరింగ్ ఎడమవైపు, కుడివైపున నడుపుతాం, అప్పుడూ డివైడర్ డ్రైవర్ పక్కనే. "కుడి, కుడి" అని జపం చేస్తే మలుపు దగ్గర అర్థం కాదు, ఎందుకంటే తిరుగుతున్నప్పుడు కుడి ఏదో ఎడమ ఏదో తికమక అవుతుంది. "నా భుజం పక్కన డివైడర్ ఉందా?" అని చూసుకోండి. అది ఎటు తిరిగినా మారదు.

దీనికి అమెరికా రోడ్ల మీద ఇంకో సాయం ఉంది, రంగులు. ఎదురెదురుగా వచ్చే ట్రాఫిక్‌ని విడదీసే గీత పసుపు రంగులో ఉంటుంది. ఒకే దిశలో వెళ్లే లేన్ల మధ్య గీతలు తెలుపు. మధ్యలో డివైడర్ ఉన్న రోడ్డులో కూడా మన ఎడమ అంచు గీత పసుపు, కుడి అంచు గీత తెలుపు. అంటే పసుపు గీత డ్రైవర్ పక్కన కనబడాలి. అది పక్క సీటు అవతల కనబడిందంటే, మనం రాంగ్ సైడ్‌లో ఉన్నట్టే. మన హైదరాబాద్‌లో గీత రంగు ఎవరు చూస్తారు చెప్పండి, చాలా చోట్ల గీతే ఉండదు! అక్కడ మాత్రం చూడాలి.

ఇప్పుడు ఇంటి దగ్గర చేయగలిగే ఒక చిన్న ప్రాక్టీస్ చెప్తాను. నేను వెళ్లే వారం ముందు మా నాన్న కారు నడుపుతుంటే నేను ముందు ఎడమ సీట్లో కూర్చున్నాను, బోయిగూడ నుంచి పద్మారావునగర్ దాకా. ఫోన్ చూడకుండా, ఒకటే పని. కారు కుడి చక్రం డివైడర్‌కి ఎంత దూరంలో ఉందో అంచనా వేయడం, ఆగినప్పుడు దిగి చూడడం. మొదట్లో నా అంచనా తప్పుతూనే ఉంది. ఎందుకు చేశానంటే, ఇక్కడ మనం నడుపుతున్నప్పుడు కారు బాడీ మొత్తం మన ఎడమవైపు ఉంటుంది. అక్కడ మొత్తం మన కుడివైపు ఉంటుంది. మన మెదడు మాత్రం మన శరీరాన్ని లేన్‌లో పాత చోటే, అంటే లేన్ మధ్యకి కాస్త కుడిగా ఉంచాలని చూస్తుంది. అలా కూర్చుంటే కారు కుడివైపుకి జరిగిపోతుంది. కొత్తగా వెళ్లినవాళ్లు పార్క్ చేసిన కార్ల అద్దాలకి తగిలించేది, కుడి చక్రం ఫుట్‌పాత్ అంచుకి రాసేది ఇందుకే. మందు ఏంటంటే, పసుపు గీతకి మీరు మరీ దగ్గరగా కూర్చున్నట్టు అనిపించాలి. అలా అనిపిస్తే కారు సరిగ్గా లేన్ మధ్యలో ఉన్నట్టు.

సరే, కాగితాల సంగతి త్వరగా చెప్పేస్తాను. ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ మన ఆర్టీఏ ఆఫీసులోనే ఇస్తారు, ఫామ్ 4ఎ, ఫీజు 1000 రూపాయలు, సర్వీస్ ఛార్జీలు అదనం. ఏడాది పాటు చెల్లుతుంది. అది మన లైసెన్స్‌కి అనువాదం లాంటిది, దాని ఒక్కదానికి విలువ లేదు. ఒరిజినల్ లైసెన్స్ కార్డు జేబులో ఉండాలి. క్రెడిట్ కార్డు ఎవరు నడుపుతారో వాళ్ల పేరు మీద ఉండాలి, డిపాజిట్ దాని మీదే బ్లాక్ చేస్తారు. మన బ్యాంక్ యాప్‌లో ఆ కార్డుకి ఇంటర్నేషనల్ వాడకం ఆన్ చేసి వెళ్లండి. కౌంటర్ దగ్గర నిలబడి ఓటీపీ కోసం ఎదురుచూడడం కంటే నరకం ఇంకోటి లేదు. ఇంకో మాట, 25 ఏళ్ల లోపు వాళ్లకి రోజుకింత అని అదనంగా వేస్తారు. బుక్ చేసేటప్పుడు వయసు నిజం చెప్తే ముందే కనబడుతుంది.

ఇన్సూరెన్స్ విషయం మాత్రం కాస్త ఆగి వినండి. రెండు వేర్వేరు విషయాలుంటాయి. ఒకటి, మనం తీసుకున్న కారుకి దెబ్బ తగిలితే. రెండోది, మన వల్ల ఎదుటివాళ్లకి, వాళ్ల కారుకి దెబ్బ తగిలితే. అమెరికాలో ఆసుపత్రి బిల్లులు ఎలా ఉంటాయో తెలుసు కదా, రెండోదే పెద్దది. కౌంటర్‌లో ముందు మొదటిదాని గురించే గట్టిగా చెప్తారు. ఇండియా నుంచి బుక్ చేసినప్పుడు చాలాసార్లు రెండూ ప్యాకేజీలోనే కలిపి ఉంటాయి. ఆ వోచర్ స్క్రీన్‌షాట్ ఫోన్‌లో పెట్టుకోండి. మాకు కౌంటర్‌లో మళ్లీ ఒకసారి అదే అమ్మబోయారు. వోచర్ చూపించి "ఇది ఇందులో ఉంది కదండీ" అంటే, ఆ లైన్ తీసేసి మళ్లీ ప్రింట్ ఇచ్చారు. రెండో డ్రైవర్ పేరు కూడా అక్కడే రాయించండి. పేరు లేనివాడు స్టీరింగ్ పట్టుకుంటే ఇన్సూరెన్స్ వర్తించదు.

ఇప్పుడు అసలు రోజు. మేం ఇద్దరం, నేనూ, మా టీమ్‌లో గుంటూరు తమ్ముడు ఒకడు. డల్లాస్ ఫోర్ట్‌వర్త్ ఎయిర్‌పోర్ట్‌లో దిగి బయటికి వచ్చేసరికి సాయంత్రం నాలుగు. ఎండాకాలంలో డల్లాస్ మనకంటే పదిన్నర గంటలు వెనక. అంటే మా ఒంటికి అది తెల్లవారుజామున రెండున్నర. అక్కడ రెంటల్ కార్ల కంపెనీలన్నీ టెర్మినల్‌లో ఉండవు, ఎయిర్‌పోర్ట్ దక్షిణం చివర ఒకే బిల్డింగ్‌లో ఉంటాయి. టెర్మినల్ నుంచి షటిల్ బస్సు తీసుకెళ్తుంది. ఆ బస్సులో కుడి కిటికీ పక్కన కూర్చోకుండా, ముందుకి వచ్చి రోడ్డు కనబడేలా నిలబడ్డాను. ఎదుటి కార్లు ఎటునుంచి వస్తున్నాయో, మలుపులు ఎలా తీసుకుంటున్నాడో చూస్తూ. ఫ్రీగా దొరికే మొదటి క్లాసు అది, వదులుకోవద్దు.

కారు చేతికి వచ్చాక మేం పార్కింగ్ లోపలే ఇరవై నిమిషాలు ఉన్నాం. చుట్టూ వీడియో తీశాను, గీతలు, డొక్కులు అన్నీ. తర్వాత లోపల కూర్చుని ఇంజిన్ ఆన్ చేయకుండానే చేతులకి అలవాటు చేయించాను. మారుతి, హ్యుందాయ్ నడిపినవాళ్లకి ఇండికేటర్ కుడి చేతి దగ్గర ఉంటుంది. అక్కడ ఎడమ చేతి దగ్గర. మొదటి రోజు ఎవరైనా మలుపు దగ్గర వైపర్లు వేస్తున్నారంటే ఇండియా నుంచి నిన్నే వచ్చారని అర్థం! అందుకే ఇరవై సార్లు ఎడమ, కుడి ఇండికేటర్ వేశాను. లోపలి అద్దం మనకి ఎడమవైపు పైన ఉంటుంది, అక్కడ కుడివైపు పైన. కళ్లు ముందు ఖాళీ కిటికీ వైపు పోతాయి. డ్రైవర్ వైపు బయటి అద్దం అక్కడ చదునుగా ఉంటుంది, మన కార్లలోలా ఉబ్బెత్తుగా కాదు. అందుకని పక్క లేన్ తక్కువ కనబడుతుంది. లేన్ మారేముందు మెడ తిప్పి భుజం మీదుగా చూడాల్సిందే.

ఇందులో ఎవరూ చెప్పనిది ఎడమ కాలు గురించి. బ్రేక్, యాక్సిలరేటర్ వరస ఎక్కడైనా ఒకటే, మారదు. కానీ రెంటల్ కారు ఆటోమేటిక్, క్లచ్ ఉండదు. గేర్ బండి అలవాటున్నవాళ్లు ఆగబోయేటప్పుడు ఎడమ కాలు క్లచ్ అనుకుని గట్టిగా తొక్కుతారు. ఆటోమేటిక్‌లో బ్రేక్ పెడల్ వెడల్పుగా ఉంటుంది, ఆ కాలు నేరుగా దాని మీద పడుతుంది. హైవే మీద కారు ఠక్కున ఆగిపోతే వెనకవాడి పరిస్థితి ఆలోచించండి. నేను ఎడమ కాలు సీటు కిందకి, వెనక్కి మడిచి పెట్టుకున్నాను. సినిమాల్లో స్టైల్‌గా ఉండదు గానీ పని చేస్తుంది.

తర్వాత మ్యాప్. మా హోటల్ ఇర్వింగ్‌లో, అక్కడి నుంచి పది మైళ్ల లోపే. Google Mapsలో Avoid tolls ఆన్ చేశాను. డల్లాస్ చుట్టూ టోల్ రోడ్లు ఎక్కువ. బూత్ ఉండదు, కెమెరా నంబర్ ప్లేట్ ఫోటో తీస్తుంది, బిల్లు రెంటల్ కంపెనీకి పోతుంది, వాళ్లు తమ ఫీజు కలిపి మన కార్డు మీద వేస్తారు. 183 హైవే మీద మధ్యలో ప్రత్యేకంగా టోల్ లేన్లు కూడా ఉన్నాయి, వాటిలోకి దారి ఎడమవైపు నుంచి. మొదటి రోజు ఎడమ లేన్ మనకి వద్దు. అక్కడ నెమ్మదిగా వెళ్లేవాళ్ల చోటు కుడివైపు, ఓవర్‌టేక్ చేసేది ఎడమవైపు నుంచి. మ్యాప్‌లో వాయిస్ తెలుగులో పెట్టుకున్నా బాగుంటుంది, "ఎడమ" అన్న మాట ఇంగ్లీష్‌లో వినేదానికంటే తొందరగా ఎక్కుతుంది, నా వరకైతే. బోర్డు మీద 60 అంటే మైళ్లు, మన లెక్కలో 96 కిలోమీటర్లు.

పార్కింగ్ లోపలే రెండు రౌండ్లు తిరిగి బయటికి వచ్చాం. హైవే నిజంగా సులువుగా అయిపోయింది. కుడి లేన్‌లో, ముందు కారుకి చాలా దూరం వదిలి, పావుగంటలో మెక్‌ఆర్థర్ బులవార్డ్ దగ్గర దిగిపోయాం.

హైవే దిగిన చోట మాత్రం టెక్సాస్ వాళ్ల ప్రత్యేకత ఒకటుంది. హైవేకి రెండు పక్కలా సర్వీస్ రోడ్లుంటాయి. హోటళ్లు, బంకులు, షాపులు వాటి మీదే. చూడ్డానికి మామూలు రోడ్డులా, మన దగ్గర సర్వీస్ రోడ్డులా అనిపిస్తుంది. మన సర్వీస్ రోడ్డులో ఎటు నుంచి ఎటైనా పోతాం కదా! డల్లాస్ లాంటి సిటీల్లో అది వన్ వే. బంక్ నుంచి బయటికి వస్తే కుడికి మాత్రమే తిరగాలి. మీరు వెళ్లాల్సిన చోటు ఎడమవైపు యాభై అడుగుల్లో కనబడుతున్నా సరే, కుడికి వెళ్లి బ్రిడ్జి కింద యూ టర్న్ తీసుకుని మళ్లీ రావాలి. ఎడమకి తిరిగితే ఎదురుగా హైవే దిగే కార్లు అదే స్పీడులో వస్తుంటాయి.

రాత్రి జరిగింది చెప్తాను. హోటల్‌లో బ్యాగులు పడేసి, దగ్గర్లో మన ఆంధ్రా భోజనం దొరికే చోటుకి వెళ్లాం. తిని బయటికి వచ్చేసరికి తొమ్మిది. అంటే మాకు మరుసటి రోజు ఉదయం ఏడున్నర, రాత్రంతా నిద్ర లేదు, పైగా పప్పూ నెయ్యీ కడుపు నిండా. తమ్ముడు "నేను నడుపుతా అన్నా" అన్నాడు, పేరు కూడా రాయించాం కాబట్టి సరే అన్నాను. పార్కింగ్ బయట డివైడర్ ఉన్న రోడ్డు, ఎదురుగా డివైడర్‌లో గ్యాప్ ఉంది, మేం ఎడమకి తిరగాలి. రోడ్డు మీద రెండు వైపులా ఒక్క కారు లేదు.

అక్కడ ఎడమ మలుపు అంటే మన కుడి మలుపు లాంటిది, పెద్దది. దగ్గరి లేన్లు దాటి, డివైడర్ గ్యాప్ దాటి, అవతలి వైపు ఎక్కి తిరగాలి. కానీ మన చేతికి ఎడమ అంటే చిన్న మలుపు. వాడు అలాగే, రోడ్డు దాటకుండా దగ్గరి లేన్‌లోకే ఎడమకి తిప్పాడు. నేను కుడి సీట్లో ఉన్నాను. చూస్తే డివైడర్ నా కిటికీ వైపుకి వస్తోంది. "తమ్ముడూ ఆగు, డివైడర్ నా పక్కకి వస్తోంది" అన్నాను. వాడు వెంటనే తొక్కాడు. కారు సగం తిరిగి ఉంది. హజార్డ్ లైట్లు వేసి, వెనక్కి చూసి, రివర్స్‌లో మళ్లీ పార్కింగ్‌లోకే వచ్చేశాం. ముందుకి వెళ్లి ఎక్కడో తిప్పుకుందాం అనుకోలేదు, అది ఇంకా ప్రమాదం. మొత్తం పది సెకన్లు కూడా కాలేదు. నిమిషం తర్వాత అదే రోడ్డు మీద, అదే లేన్లలో, ఒక పికప్ ట్రక్కు సర్రున పోయింది. వాడు నా వైపు చూశాడు, నేను వాడి వైపు చూశాను, ఇద్దరం ఏం మాట్లాడలేదు.

ఇక్కడ వాడి తప్పు అని నేననను. నాలుగు గంటలకి ఇద్దరం ఎంత జాగ్రత్తగా ఉన్నామో, తొమ్మిదికి ఆ జాగ్రత్త ఉండదు. కొత్త పద్ధతి ఆలోచించి చేయాలి, పాతది ఆలోచించకుండానే వస్తుంది, నిద్ర లేనప్పుడు పాతదే గెలుస్తుంది. అందుకే పక్క సీట్లో ఉన్నవాడికి ఒక పని ఇవ్వాలని నా అభిప్రాయం. పార్కింగ్ నుంచి బయటికి వచ్చే ప్రతిసారీ, మలుపు మొదలుపెట్టే ముందే, డ్రైవర్ పైకి చెప్పాలి: "ఎడమ, పెద్ద మలుపు, దాటి వెళ్లాలి" లేదా "కుడి, చిన్న మలుపు". పక్కనవాడు ఊఁ అనాలి. వినడానికి చిన్నపిల్లల ఆటలా ఉంటుంది. ఆ తర్వాత రెండు వారాలూ మేం అలాగే చేశాం.

రాత్రిపూట ఇంకో గుర్తు కూడా ఉంది. టెక్సాస్ రోడ్ల మీద లేన్ల మధ్య చిన్న రిఫ్లెక్టర్లు అతికించి ఉంటాయి. సరైన దిశలో వెళ్తే హెడ్‌లైట్ వెలుగుకి తెల్లగా మెరుస్తాయి. ఎదురు దిశలో వెళ్తే ఎర్రగా కనబడతాయి. రోడ్డు మీద వరసగా ఎర్ర చుక్కలు కనబడ్డాయంటే ఆలోచించకండి, వెంటనే పక్కకి తీసి ఆపండి.

ఇంకొక్కటి, మన ఫ్రీ లెఫ్ట్ గురించి. సిగ్నల్ ఎర్రగా ఉన్నా మనం ఎడమకి అలా జారిపోతాం కదా, అక్కడ దానికి అద్దంలో బొమ్మ రైట్ ఆన్ రెడ్. వద్దని బోర్డు లేకపోతే ఎర్ర లైటులో కుడికి తిరగొచ్చు. కానీ ముందు చక్రాలు పూర్తిగా ఆగాలి, నిజంగా సున్నా. ఆగాక ముందు ఎడమవైపు చూడాలి, దగ్గరి లేన్ ట్రాఫిక్ వచ్చేది అటునుంచే. మన మెడ అలవాటుగా కుడికి పోతుంది. నడిచి రోడ్డు దాటేటప్పుడు కూడా ఇదే, ముందు ఎడమ. కారు తీసుకోనివాళ్లు కూడా ఇది వినండి.

ఇక చివరికి, దిగిన రోజే తీసుకోవాలా అంటే, నన్నడిగితే పగలు దిగి, హోటల్ దగ్గర్లో ఉండి, పక్కన ఇంకో మనిషి ఉంటేనే. రాత్రి దిగినా, ఒంటరిగా ఉన్నా, డల్లాస్ నుంచి ఆస్టిన్ దాకా అలాగే వెళ్లిపోదాం అనుకున్నా, క్యాబ్ ఎక్కి పడుకోండి. పొద్దున సిటీలో ఉన్న బ్రాంచ్ దగ్గర కారు తీసుకోవచ్చు, ఎయిర్‌పోర్ట్ ఫీజులు ఉండవు కాబట్టి చాలాసార్లు అక్కడే చవక కూడా. బుకింగ్ చేసేటప్పుడే పికప్ టైమ్ మరుసటి రోజు పదింటికి పెట్టుకుంటే సరిపోతుంది.

దుబాయ్ వెళ్లేవాళ్లు కూడా అడుగుతున్నారు, అక్కడ కూడా కుడివైపే, కానీ రౌండ్ అబౌట్ల సంగతి వేరే, అది ఇంకో ఎపిసోడ్‌లో చెప్తాను. మీలో ఎవరైనా అక్కడ మొదటి రోజు నడిపి ఉంటే కామెంట్‌లో రాయండి, ఎక్కడ తికమక పడ్డారో చెప్పండి, ఆ వీడియోలో చదువుతాను. ఉంటాను మరి, బాయ్.